ముగ్గురు అడిగితే మూడు మార్కులు: జూనియర్ అకౌంటెంట్ ఇంటర్వ్యూకి మార్కుల పట్టిక రాసుకోవడం

వరంగల్‌లో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల హోల్‌సేల్ చేసే ఒక షాపులో అకౌంట్స్ చూస్తాను. పోయినసారి జూనియర్ అకౌంటెంట్ కోసం ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు ఒకే అబ్బాయికి మా సేటు పదికి తొమ్మిది వేశారు, మా సీనియర్ అకౌంటెంట్ నాలుగు వేశారు, నేను ఏడు వేశాను. ముగ్గురం ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని, అదే అరగంట అదే అబ్బాయి మాటలు విన్నాం. సగటు తీస్తే 6.7 వస్తుంది, ఆ అంకె మా ముగ్గురిలో ఎవరి అభిప్రాయమూ కాదు. ఆ రోజు మేం సగటు చూసే ఒకరిని తీసుకున్నాం, మూడు నెలలకే ఆ అమ్మాయి వెళ్లిపోయింది, అందులో తన తప్పు కంటే మా తప్పే ఎక్కువ. తను ఏ పనికి సరిపోతుందో మేమే సరిగ్గా చూసుకోలేదు.

ఆ తర్వాత మేం చేసిన మొదటి పని పదికి బదులు విభాగాలవారీగా మార్కులు వేయడం. అకౌంటింగ్ జ్ఞానం, నిజాయితీ, కమ్యూనికేషన్, చురుకుదనం, ఒక్కోదానికి ఐదు మార్కులు. చాలా ఆఫీసుల్లో రూబ్రిక్ అంటే ఇదే అనుకుంటారు. దీనివల్ల ఏమీ మారలేదు. ఇంతకుముందు ఒక చోట గొడవపడేవాళ్లం, ఇప్పుడు నాలుగు చోట్ల.

ఎందుకో అర్థం కావాలంటే ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనడం గుర్తుకు తెచ్చుకోండి. వ్యాపారి పత్తిని పిడికిట్లో నలిపి తేమ ఎక్కువుందంటాడు, రైతు లేదంటాడు, పక్కనున్న ఇంకో వ్యాపారి పర్వాలేదంటాడు. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనేటప్పుడు మీటర్ పెడతారు, తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతూ పోతుంది, 12 దాటితే కొనరు. ఇక్కడ చేతికీ మీటర్‌కీ తేడా అంకెలో లేదు, చెయ్యి కూడా అంకె చెప్పగలదు. ఆ అంకె దేన్ని చూసి వేయాలో ముందే అందరికీ ఒక్కటిగా తేలి ఉండటంలో ఉంది. ఇంటర్వ్యూకి మీటర్ లేదు, రాదు కూడా. కానీ ఏ మాట వింటే ఏ మార్కు అన్నది ముందే రాసి పెట్టుకోవచ్చు. మేం వాటిని ఆనవాళ్లు అంటున్నాం. పట్టికలో అసలు పని చేసేది ఆ ఆనవాళ్లే, పక్కనున్న అంకెలు కావు.

ఆనవాలు రాయాలంటే ముందు ప్రశ్న ఒక్కటే అయి ఉండాలి. ఒకరిని జీఎస్టీ గురించి, ఇంకొకరిని టాలీ గురించి అడిగి ఇద్దరినీ పోల్చడం కుదరదు. అందుకని ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నిజంగా చేయాల్సిన పనుల్లోంచి నాలుగు తీసుకున్నాం. మన పుస్తకాలను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసే బ్యాంకు రీకన్సిలియేషన్, ఏ లావాదేవీకి ఏ వోచర్ అన్నది, క్యాష్ తేడా వచ్చినప్పుడు ఏం చేస్తారన్నది, బాకీ ఉన్న డీలర్‌కి లెక్క విడమరిచి చెప్పడం. వోచర్ల సంగతి తొందరగా తేలిపోయింది. ఎనిమిది లావాదేవీలు రాసి ఇస్తాం, బ్యాంకు నుంచి నగదు తీస్తే కాంట్రా అని రాశారా లేదా అంతే, ఎన్ని సరైతే దాన్నిబట్టి మార్కు. ఇందులో అభిప్రాయ భేదానికి చోటే లేదు. అలా చోటు లేకుండా అడగగలిగే ప్రశ్న ఏదైనా ఉంటే మాటల్లో అడక్కుండా కాగితం మీద అడగడమే మేలు.

రీకన్సిలియేషన్ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే లెక్కకు ఒకే జవాబు ఉంటుంది కదా, దానికి ఆనవాళ్లెందుకు అని మొదట మేమూ అనుకున్నాం.

అభ్యర్థికి రెండు కాగితాలు ఇస్తాం, 25 నిమిషాల టైమ్. ఒకటి మా పుస్తకాల్లోని బ్యాంకు ఖాతా, చివరి బ్యాలెన్స్ 1,84,600. రెండోది బ్యాంకు స్టేట్‌మెంట్, చివరి బ్యాలెన్స్ 2,18,110. మా పుస్తకాల బ్యాలెన్స్‌తో మొదలుపెట్టి బ్యాంకు బ్యాలెన్స్‌కు చేరాలి. మేం ఇచ్చిన 42,000 చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు, కాబట్టి కలపాలి. మేం వేసిన 25,000 చెక్కు ఇంకా క్లియర్ కాలేదు, తీసేయాలి. బ్యాంకు ఛార్జీలు 590 మా పుస్తకాల్లో లేవు, తీసేయాలి. నర్సంపేట డీలర్ ఒకాయన నేరుగా ఖాతాలో వేసిన 18,000 మేం ఎంట్రీ చేయలేదు, కలపాలి. ఈ నాలుగూ చేస్తే 2,19,010 వస్తుంది. బ్యాంకులో ఉన్నదానికంటే 900 ఎక్కువ. ఆ 900 ఎక్కడుందంటే, లారీ కిరాయికి ఇచ్చిన 5,400 చెక్కును పుస్తకంలో 4,500 అని రాశాం. చెక్కు రెండు కాగితాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి పైపైన టిక్కు పెట్టుకుంటూ పోయేవాళ్లకు దొరకదు. లెక్కల్లో చెయ్యి తిరిగినవాళ్లు 900 చూడగానే అది తొమ్మిదితో భాగించబడుతుందని గమనించి, అంకెలు తారుమారయ్యాయేమోనని వెతుకుతారు.

మా మొదటి పట్టికలో దీనికి 'సరైన జవాబు 5, దగ్గర్లో ఉంటే 3 లేదా 4' అని రాశాం. ఇద్దరు అభ్యర్థులు రాశాక అది ఎందుకు చాలదో తెలిసింది. ఇద్దరికీ 2,19,010 దాకా వచ్చింది. ఒకమ్మాయి కింద '900 తేడా ఉంది, దొరకలేదు' అని రాసింది. ఒకబ్బాయి ఆ 900కి 'ఇతర ఖర్చులు' అని పేరు పెట్టి, లెక్క 2,18,110కి తెచ్చి, కింద రెండు గీతలు గీశాడు. పైనుంచి చూస్తే అతని జవాబే సరైనట్టుంది. మా సేటు అతనికి ఐదు వేశారు, మా సీనియర్ సార్ ఒకటి వేశారు. సార్ కోపంగా అన్న మాట ఏంటంటే, ఆ అమ్మాయి తప్పును రేపు నేను పది నిమిషాల్లో పట్టుకుంటాను, వీడి తప్పు ఆడిట్ దాకా ఎవరికీ తెలియదు.

అప్పుడు నాలుగు మార్కుల ఆనవాళ్లు కొత్తగా రాశాం.

1 అంటే: ఏది కలపాలో ఏది తీసేయాలో తెలియలేదు, లేదా మిగిలిన తేడాను ఏదో పేరుతో మూసేశారు.
2 అంటే: నాలుగు అంశాల్లో రెండు లేదా మూడు సరైన దిశలో ఉన్నాయి, మిగిలిన తేడాను తేడాగానే చూపించారు.
3 అంటే: నాలుగూ సరిగ్గా చేశారు, 900 మిగిలిందని రాశారు, లేదా ఒక్క సూచన ఇచ్చాక ఆ 900 పట్టుకున్నారు.
4 అంటే: 900 సొంతంగా పట్టుకున్నారు, పైగా వీటిలో ఏవి మన పుస్తకాల్లో ఎంట్రీ చేయాలో, ఏవి బ్యాంకులో వాటంతట అవే సర్దుకుంటాయో విడదీసి చెప్పారు.

ఆ చివరి మాటలోనే విషయం ఉంది. 590, 18,000, 900, ఈ మూడింటికీ మన దగ్గర ఎంట్రీ పడాలి, అప్పుడు పుస్తకాల బ్యాలెన్స్ 2,01,110 అవుతుంది. రెండు చెక్కులకు ఏ ఎంట్రీ అక్కర్లేదు, వాటిని లెక్కలోకి తీసుకుంటే 2,18,110 సరిపోతుంది. ఇది చెప్పగలిగారంటే రీకన్సిలియేషన్ ఫార్మాట్ బట్టీ పట్టలేదని, ఎందుకు చేస్తామో తెలుసని అర్థం.

ఐదు మార్కుల స్కేల్ తీసేసి నాలుగే పెట్టడానికి కారణం సాదాసీదాది. ఐదు స్థాయిలకు ఒకదానికొకటి కలవని ఆనవాళ్లు మేం రాయలేకపోయాం, మూడుకీ నాలుగుకీ మధ్య 'బాగానే', 'బాగా' లాంటి మాటలు తప్ప ఇంకేం దొరకలేదు. 'బాగా', 'మంచి', 'ఓ మోస్తరు' అనే మాటలు ఆనవాళ్లలో కనిపించాయంటే అక్కడ తేడా రాయడం మనకు చేతకాలేదని గుర్తు. అలాంటిచోట ఒక స్థాయి తగ్గించడమే నయం.

ఇంకో పొరపాటు కూడా చేయబోయి ఆగాం. ఆ 590లో 500 ఛార్జీ, 90 జీఎస్టీ. ఆ 90 విడదీసి ఇన్‌పుట్ క్రెడిట్ గురించి చెప్తేనే నాలుగు వేయాలని సార్ పట్టుబట్టారు. కానీ మా దగ్గర విత్తనాలకు పన్ను లేదు, ఎరువులకూ మందులకూ ఉంది, అందుకని క్రెడిట్ ఎంత తీసుకోవాలో లెక్కగట్టే పని నేనూ సారూ కలిసి నెలాఖరున చేస్తాం, జూనియర్ ముట్టుకోరు. నిన్నగాక మొన్న బీకాం పూర్తి చేసినవాళ్ల దగ్గర అడిగేవాళ్లు తమ ముప్పై ఏళ్ల అనుభవాన్ని వెతికితే అందరికీ రెండే పడుతుంది, పట్టిక ఉన్నా లేనట్టే అవుతుంది. పై మార్కు కూడా ఆ ఉద్యోగానికి సరిపడేదే అయి ఉండాలి.

ఇక నిజాయితీ ప్రశ్న. మా ముగ్గురినీ ఎక్కువగా విడదీసింది ఇదే, ఎక్కువ నేర్పిందీ ఇదే. ప్రశ్న ఇలా ఉంటుంది: 'సాయంత్రం క్యాష్ లెక్కపెడితే 340 రూపాయలు తక్కువొచ్చింది. ఓనర్ ఊళ్లో లేరు, సీనియర్ వెళ్లిపోయారు. మీరేం చేస్తారు?' పరకాల దగ్గర ఊరి నుంచి వచ్చిన ఒకబ్బాయి అస్సలు ఆలోచించకుండా, 'నా జేబులకెల్లి పెడ్త సార్, నా చేతుల పోయినయ్ గదా' అన్నాడు. సేటు నాలుగు వేశారు, ఎందుకంటే ఆయన దృష్టిలో అది బాధ్యత, ఇంటిపేరు నిలబెట్టే మనిషి లక్షణం. సార్ ఒకటి వేశారు, నేను రెండు. సార్ వాదన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇవాళ 340 తగ్గితే చెప్పకుండా వేసేవాడు, రేపు 340 ఎక్కువొస్తే చెప్పకుండా తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు, కానీ రెండు సందర్భాల్లోనూ తేడా వచ్చినట్టు పుస్తకానికి తెలియదు. ఎవరికో ఇచ్చిన 340 వోచర్ రాయడం మర్చిపోయి ఉంటే, అది ఇక ఎప్పటికీ దొరకదు.

చూడండి, ముగ్గురిలో ఎవరూ అజాగ్రత్తగా వినలేదు. ఒక్క మాటే విన్నాం, మంచి అంటే ఏమిటన్నది ముగ్గురికీ వేరుగా ఉంది. దీన్ని 'నిజాయితీ: 5 మార్కులు' అనే గడి పైకి తేదు, కప్పేస్తుంది. దాదాపు గంటసేపు మాట్లాడుకున్నాక ఒక మాట మీదకు వచ్చాం: మేం చూడాల్సింది మనిషి గుణం కాదు, అది అరగంటలో తెలియదు, తేడా పుస్తకంలో కనిపిస్తుందా మాయమవుతుందా అన్నదే చూడాలి. దాని ప్రకారం రాస్తే, సొంత డబ్బు పెట్టి మూసేసినా, ఏదో ఖర్చు రాసి సరిచేసినా, తేడా కనిపించకుండా పోతే ఒకటి. చెప్తాను అన్నారు గానీ వెతికే ప్రయత్నం లేదంటే రెండు. మళ్లీ లెక్కపెట్టి, ఆ రోజు వోచర్లు రశీదులు చూసి, ఆ రాత్రే ఫోన్ చేసి చెప్తామంటే మూడు. అంతా చేసి, చేతిలో అసలు ఎంతుందో నోట్లవారీగా రాసి సంతకం పెట్టి, కారణం దొరికేదాకా ఏ ఎంట్రీతోనూ సర్దనంటే నాలుగు.

కానీ పరకాల అబ్బాయి విషయంలో నాకు మనసొప్పలేదు. కొందరు నిజంగానే ఇంట్లో అలా పెరిగి ఉంటారు, దాచిపెట్టే ఉద్దేశం ఉండదు. అందుకే జేబులోంచి పెడతామన్న ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ఒక ప్రశ్న పట్టికలోనే రాశాం: 'పెట్టాక పుస్తకంలో ఏం రాస్తారు?' నా డబ్బులు 340 పెట్టానని రాసి పొద్దున చెప్తాను అంటే రెండు. ఏం రాస్తాం, సరిపోయింది కదా అంటే ఒకటి. ఈ అదనపు ప్రశ్నలు కూడా ముందే రాసి ఉండాలి, లేకపోతే నచ్చిన అభ్యర్థికి మనకు తెలియకుండానే మూడు సూచనలు ఇచ్చేస్తాం, నచ్చనివాళ్లు తడబడితే 'సరే, నెక్స్ట్' అంటాం. ఎన్ని సూచనలు ఇవ్వొచ్చు, ఇస్తే గరిష్ఠంగా ఎంత మార్కు అన్నది పట్టిక చెప్పకపోతే ఆనవాళ్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

డీలర్‌కి లెక్క చెప్పే ప్రశ్న ఒకప్పుడు 'కమ్యూనికేషన్' అనే పేరుతో ఉండేది, అది ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు మార్కులు పంచే గడి అయిపోయింది. మా జూనియర్ రోజుకు పది ఫోన్లు మాట్లాడితే పదీ తెలుగే, అవతల ములుగు, భూపాలపల్లి డీలర్లు. అందుకని ఇప్పుడు ఒక ఖాతా కాగితం ఇచ్చి, నేను డీలర్‌నై 'గంత బాకీ ఎట్లయింది?' అని అడుగుతాను. ఏ బిల్లు, ఏ తేదీ, ఏ పేమెంట్ ఎక్కడ జమయింది అని వరుసగా చెప్పారా, నేను గొంతు పెంచినప్పుడు అంకె మార్చేశారా, అవే ఆనవాళ్లు. ఒక విషయంలో బాగున్నవాళ్లు అన్నిట్లోనూ బాగున్నట్టు కనిపించడం అనే మాయను థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త సైనికాధికారులకు వేసిన మార్కుల్లో 1920లోనే చూపించాడు. మన దగ్గర ఆ మాయ తెచ్చే ప్రశ్న ఇంకోటుంది, 'మీదే ఊరు?' అన్నది. సేటుగారి మండలమే అని తేలిందంటే తర్వాతి జవాబులన్నీ తియ్యగా వినిపిస్తాయి. ఆ మాట అడగొద్దని మేం అనలేదు, అడక్కుండా మనవాళ్లం ఉండలేం, మార్కులు వేసేశాక అడుగుదామన్నాం.

పట్టిక రాయడంతో సగం పనే అయింది. నలుగురైదుగురు అసలు అభ్యర్థులు రాకముందే, మేమే మూడు జవాబులు తయారుచేసి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది, ఒకటి మధ్యలో తేల్చుకోలేనిది, ముగ్గురం విడివిడిగా, మాట్లాడుకోకుండా మార్కులు వేసి చూసుకున్నాం. మంచిదానికీ చెడ్డదానికీ మార్కులు కలవడం పెద్ద విషయం కాదు, అవి ఎలాగూ కలుస్తాయి, మధ్యదాని దగ్గరే పట్టిక గట్టిదో కాదో తెలుస్తుంది. ఒక మార్కు తేడా ఉంటే వదిలేశాం. రెండు ఉంటే ఆగి మాట్లాడుకున్నాం, అదీ 'ఎందుకు అంత వేశారు' అని కాదు, 'ఏ మాట విని వేశారు' అని. ఎందుకని అడిగితే మనిషి తన మార్కును సమర్థించుకుంటాడు, ఏ మాట అని అడిగితే నోట్సు తీస్తాడు. నోట్సులో ఆ మాట దొరక్కపోతే మార్కు మారుతుంది, దొరికి కూడా మార్కులు కలవకపోతే ఆనవాలు తిరగరాయాలి.

అసలు ఇంటర్వ్యూ రోజు కూడా ఇదే వరుస. ప్రతి ప్రశ్న అయిపోగానే ఎవరి కాగితం మీద వాళ్లు మార్కు వేయాలి, ముగ్గురూ వేశాకే నోరు విప్పాలి, సేటు చివర మాట్లాడాలి. చివరిది మొహమాటంగా ఉన్నా ముందే ఆయనతో మాట్లాడి ఒప్పించాం, జీతమిచ్చే మనిషి ముందు 'అబ్బాయి బాగున్నాడు' అన్నాక మిగతావాళ్ల పెన్ను కదిలే తీరే వేరు. రీకన్సిలియేషన్ కాగితాల మీద పేరు బదులు నంబరు వేయించి అందరివీ ఒకేసారి దిద్దుతాం, అప్పుడు ఎవరిదో తెలియదు.

సగటుతో ఎందుకు సరిపెట్టుకోవద్దో ఇప్పుడు చెప్పడం తేలిక. 4, 1, 2 వేసినా మొత్తం ఏడే, 2, 2, 3 వేసినా ఏడే. రెండో అభ్యర్థి గురించి మాకు తెలుసు, మొదటి అభ్యర్థి గురించి మాకు ఏమీ తెలియదు, రెండు సగటులూ మాత్రం ఒకటే. కాబట్టి మొత్తం వేయడానికి ముందు తేడాలు చూడాలి. ఆ తేడాల్లోనూ రెండు రకాలుంటాయి. మా సార్ అందరికీ నాకంటే ఒక మార్కు తక్కువే వేస్తారు, అది ఆయన చెయ్యి, అభ్యర్థులందరినీ ఆయనే చూస్తే ఎవరికీ నష్టం లేదు, వరుస మారదు. నాకు మొదటొచ్చినవాళ్లు ఆయనకు చివరొస్తే మాత్రం ఇద్దరం వేర్వేరు విషయాలకు మార్కులు వేస్తున్నామన్నమాట, అప్పుడు ఆనవాలు సరిచేయాలి. మొదటి రకం తేడా ఎక్కడ ప్రమాదమంటే, సగం మందిని వరంగల్‌లో సార్, మిగతా సగం మందిని జనగామ బ్రాంచిలో చెయ్యి ఉదారమైన మేనేజర్ చూసినప్పుడు. ఆ రెండు గుంపుల మార్కులను పక్కపక్కన పెట్టడం అన్యాయం. ఒక్కో ప్రశ్నకు ఒకరే అందరినీ దిద్దడం, లేదా రెండు చోట్లా ఉండే మనిషి ఒకరైనా ఉండటం, ఇవి తప్ప దానికి తేలికైన మందు లేదు.

చివరికి మొత్తం వేసేటప్పుడు రీకన్సిలియేషన్‌కీ, క్యాష్ ప్రశ్నకీ మూడేసి రెట్లు, మిగతా రెంటికీ రెండేసి రెట్లు, మొత్తం 40 పెట్టుకున్నాం. అందులోనూ ఒక గొయ్యి ఉంది. రీకన్సిలియేషన్, వోచర్లు, డీలర్‌తో మాట, మూడింట్లోనూ నాలుగు తెచ్చుకుని క్యాష్ ప్రశ్నలో ఒకటి వచ్చిన మనిషికి 31 పడతాయి. అంతటా మూడు, మాటలో మాత్రం రెండు వచ్చిన మనిషికి 28. కూడికను నమ్మితే మొదటి మనిషిని తీసుకోవాలి, మా ముగ్గురిలో ఎవరం తీసుకోం. అందుకే కూడకముందే ఒక గడప: క్యాష్ ప్రశ్నలో గానీ రీకన్సిలియేషన్‌లో గానీ ఒకటి వస్తే మొత్తం చూడం. ఇది అభ్యర్థులను చూడకముందే రాసుకోవాలి, చూశాక రాస్తే అది గడప కాదు, ఒక మనిషిని ఆపడానికి పెట్టిన అడ్డు.

ప్రశ్నలు బయటికి పోతాయన్నది తప్పించుకోలేని సంగతి. హన్మకొండలో ఒక కాలేజీ నుంచి పొద్దున ఒకరు వస్తే మధ్యాహ్నానికి వాళ్ల వాట్సాప్ గ్రూపులో 900 తిరుగుతుంది. అందుకని మూడు సెట్లు చేశాం, అంశాలు అవే, అంకెలు వేరు. ఒకదాంట్లో 6,300 చెక్కు 3,600 అని పడి 2,700 తేడా వస్తుంది. సెట్లు చేశాక మా దగ్గర పనిచేసే ఇద్దరితో మూడూ చేయించాం. ఒక సెట్‌లో తప్పు మొదటి లైన్‌లోనే ఉండటంతో ఇద్దరికీ వెంటనే దొరికింది, దాన్ని మధ్యలోకి మార్చాం.

ఈ పట్టిక చెప్పలేనివి ఉన్నాయి. మార్చి నెలాఖరున రాత్రి పది దాకా కూర్చోగలరా, ఏడాది తిరక్కుండా పోటీ పరీక్షలకని మానేస్తారా అన్నవి ఇందులో లేవు, వాటికోసం ఒక గడి పెట్టుకుంటే మళ్లీ ఊహలకు మార్కులు వేయడమే. ఇద్దరు ముగ్గురిని తీసుకున్నంత మాత్రాన పట్టిక మంచి మనుషులను పట్టుకుంటుందని కూడా తేలదు, మేం ముగ్గురం ఒకే రకంగా తప్పు చేస్తూ ఉండొచ్చు. అందుకని చేరినవాళ్ల ఇంటర్వ్యూ కాగితాలు ఫైల్లో పెట్టి, ఆరు నెలలకు వాళ్లు చేసిన అసలు రీకన్సిలియేషన్లు పక్కన పెట్టుకుని చూస్తున్నాం. ఇప్పటిదాకా ఒక్కరివే చూశాం. క్యాష్ ప్రశ్నలో మూడు, రీకన్సిలియేషన్‌లో రెండు వచ్చిన అమ్మాయి, మొదటి రెండు నెలలు చెక్కుల దిశ తప్పుతూనే ఉంది, ప్రతిసారీ కింద 'తేడా ఇంత, చూడాలి' అని రాసి పెట్టింది. మూడో నెల నుంచి ఆ లైను అక్కర్లేకుండా పోయింది.